వచ్చిండు, పడ్డది, వస్తవా: మాండలికానికి వ్యాకరణం ఉందన్న మాటలో నిజమెంత?

సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవం. ఆ సందర్భంగా నల్లగొండ జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో రిటైర్డ్ తెలుగు మాస్టారు ఒకాయన చేసిన ప్రసంగం ఇప్పుడు ఉపాధ్యాయుల మధ్య, తల్లిదండ్రుల మధ్య చర్చ అయింది. ఆయన చెప్పింది సూటిగా ఒకటే: 'మన మాట వ్యాకరణం లేని మాట కాదు. దాని వ్యాకరణం మనం రాసుకోలేదు, అంతే.' ఈ మాటకు సభలో చప్పట్లు పడ్డాయి. ఆ తర్వాత సందేహాలు మొదలయ్యాయి. మాండలికానికి వ్యాకరణం ఉందంటే పరీక్షలో 'వచ్చిండు' అని రాసినా మార్కులు వేయాలా? ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడితే అదీ వ్యాకరణమేనా? ఇక తప్పు అనేది ఉండదా?

క్లుప్తంగా: నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల పలుకుబడిలో క్రియలు, ప్రత్యయాలు స్పష్టమైన సూత్రాల ప్రకారం నడుస్తాయి. ఆ సూత్రాలను తప్పితే అక్కడి వాళ్లకే తప్పుగా వినిపిస్తుంది. ఏ రూపాన్ని బడిలో, పత్రికలో ప్రమాణంగా పెట్టుకోవాలన్నది వేరే ప్రశ్న. దాన్ని తేల్చేది చరిత్ర, అవసరం. ఈ రెండు ప్రశ్నలను కలిపేయడం వల్లనే గందరగోళం వస్తోంది.

## ఐదు వాక్యాలు, ఐదు ఎర్ర గీతలు

ప్రసంగం మధ్యలో మాస్టారు బోర్డు మీద ఆరో తరగతి పిల్లాడు రాసినట్టుగా ఐదు వాక్యాలు రాశారు.

నిన్న మా తాత సంతకు పోయిండు.
నేను గూడ పోయిన.
ఒక మేక కింద పడ్డది.
నాకు బయమైంది.
మేకలు గడ్డి తిన్నది.

తర్వాత ఐదింటి కిందా ఎర్ర సుద్దతో గీతలు గీసి, 'మన నోట్‌బుక్కులు ఇట్లనే దిద్దుతం' అన్నారు. ప్రసంగం మొత్తంలో బలమైన చోటు ఇదే. ఆ ఐదు గీతలు ఒకేలా కనిపిస్తున్నా, వాటి కింద ఉన్నవి మూడు వేర్వేరు రకాల విషయాలు.

మొదటి మూడు వాక్యాల్లో ఉన్నవి మాండలిక రూపాలు. ఊళ్లో తాత అయినా, సర్పంచ్ అయినా, ఆ పిల్లాడి అమ్మ అయినా అలాగే అంటారు. నాలుగో దానిలో ఉన్నది అక్షర దోషం. 'భయం' అని రాయాల్సిన చోట ఒత్తు పోయింది. మామూలు మాటల్లో ఒత్తులు సరిగ్గా పలకకపోవడం ఏ జిల్లా వాళ్లకైనా ఉన్నదే కాబట్టి ఈ తప్పు గుంటూరు పిల్లాడు కూడా చేస్తాడు. ఐదోది మాత్రమే వాక్య నిర్మాణంలో అసలైన తప్పు. 'మేకలు' అని బహువచనం వేసి 'తిన్నది' అని ఏకవచనంతో ముగించాడు. ఇది ప్రమాణ భాషలో తప్పు, నల్లగొండ మాటలోనూ తప్పే. ఊళ్లో ఎవరైనా 'మేకలు గడ్డి తిన్నయ్' అనే అంటారు.

మూడు రకాల మీదా ఒకే ఎర్ర గీత పడితే పిల్లాడికి అర్థమయ్యేది 'నాకు తెలుగు రాదు' అని. ఐదో వాక్యంలో తను నిజంగా ఎక్కడ జారాడో వాడికి తెలియదు.

## వ్యాకరణం అంటే ఏ వ్యాకరణం?

చర్చలో చాలా భాగం ఈ ఒక్క మాట దగ్గరే తప్పుదారి పడుతోంది. బడిలో చదువుకున్న వాళ్లకు వ్యాకరణం అంటే సంధులు, సమాసాలు, విభక్తులు ఉన్న పుస్తకం. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం నుంచి వస్తున్న సంప్రదాయం అది. ఆ లెక్కన మాండలికానికి వ్యాకరణం లేదన్నది నిజమే. నల్లగొండ పలుకుబడికి బడిలో పాఠంగా చెప్పే వ్యాకరణ పుస్తకం లేదు.

భాషాశాస్త్రంలో అర్థం వేరు. మాట్లాడేవాళ్ల తలలో ఉండే, వాళ్లకే తెలియకుండా పాటించే నియమాల మొత్తాన్ని వ్యాకరణం అంటారు. అది ఉందో లేదో తెలుసుకోవడానికి పుస్తకం వెతకక్కర లేదు. ఆ భాషలో తప్పు చేయడం సాధ్యమా అని చూస్తే చాలు. నల్లగొండలో ఎవరైనా 'నేను వచ్చిండు' అంటే పక్కవాళ్లు నవ్వుతారు. 'వాడు వచ్చినం' అంటే అసలు అర్థం కాదు. నియమం లేని చోట తప్పు కూడా ఉండదు. ఏమన్నా చెల్లిపోవాలి కదా. అలా చెల్లడం లేదంటే అక్కడ నియమం ఉన్నట్టే.

## 'వచ్చిండు' ఎలా తయారవుతుంది?

మాస్టారు ఉదాహరణగా తీసుకున్నది భూతకాల క్రియ. మాండలికం మీద ఎక్కువగా వెక్కిరింతలు పడేది కూడా దీని మీదే. వరుసగా చూస్తే సంగతి తెలుస్తుంది.

| | దక్షిణ తెలంగాణ | ప్రమాణ భాష |
|---|---|---|
| నేను | వచ్చిన, పడ్డ | వచ్చాను, పడ్డాను |
| నువ్వు | వచ్చినవ్, పడ్డవ్ | వచ్చావు, పడ్డావు |
| వాడు | వచ్చిండు, పడ్డడు | వచ్చాడు, పడ్డాడు |
| అది, ఆమె | వచ్చింది, పడ్డది | వచ్చింది, పడింది |
| మేము | వచ్చినం, పడ్డం | వచ్చాము, పడ్డాము |
| వాళ్లు | వచ్చిన్రు, పడ్డరు | వచ్చారు, పడ్డారు |

ఎడమ వరుసలో సూత్రం ఒకటే. 'వచ్చిన మనిషి', 'పడ్డ చెట్టు' అనేటప్పుడు వాడే 'వచ్చిన', 'పడ్డ' రూపాన్ని తీసుకోవాలి. దాని చివర ఎవరి గురించి చెబుతున్నామో ఆ ప్రత్యయం చేర్చాలి. వాడైతే -డు, అదైతే -ది, మేమైతే -ం, వాళ్లైతే -రు. 'నేను' అయితే ఏదీ చేర్చనక్కర లేదు, ఉన్న రూపమే చాలు.

మరి 'వచ్చిన' కు 'డు' చేరితే 'వచ్చినడు' కావాలి గానీ 'వచ్చిండు' ఎందుకైంది? చివరి 'న' లోని అకారం పడిపోయి, మిగిలిన 'న్' పక్కనున్న 'డు' తో కలిసింది. అదే పని 'పడ్డ' దగ్గర జరగలేదు. అక్కడ అకారం తీసేస్తే 'పడ్డ్‌డు' అనాలి, అది నోరు తిరగని మాట. కాబట్టి అకారం నిలిచి 'పడ్డడు' అయింది. తిన్న, విన్న, అన్న, కొన్న కూడా ఇంతే. తిన్నడు, విన్నడు, అన్నడు, కొన్నడు. 'వచ్చిండు' ను చూసి ఎవరూ 'తినిండు' అనరు. చెప్పిండు, ఇచ్చిండు, చూసిండు, పోయిండు ఒక జట్టు. తిన్నడు, అన్నడు, పడ్డడు మరో జట్టు. ఏ క్రియ ఏ జట్టులోకి వస్తుందో బడి ముఖం చూడని ముసలామెకు కూడా తడుముకోకుండా తెలుసు.

'వాళ్లు' దగ్గరా అదే లెక్క. 'వచ్చిన' కు 'రు' చేరితే అకారం పడి 'వచ్చిన్రు' అవుతుంది. 'న్' తర్వాత వెంటనే 'ర' పలకాల్సి వస్తే మధ్యలో నాలుక 'డ్' అనే చప్పుడు చేస్తుంది. అందుకే చాలా చోట్ల 'వచ్చిండ్రు' అని వినిపిస్తుంది. 'తిన్న' లో అకారం పడదు కాబట్టి 'తిన్నరు' అంటారు, 'తిండ్రు' అనే మాట ఎక్కడా లేదు.

ఇప్పుడు కుడి వరుస చూడండి. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అని 'వచ్చా' మీద నడిచి, 'అది' దగ్గరికి రాగానే 'వచ్చింది' అయింది. ఆ 'వచ్చింది' లో ఉన్నది పాత 'వచ్చిన' రూపమే. 'పడ్డాడు' అన్నవాళ్లు 'పడింది' అంటారు. అంటే ప్రమాణ భాషలో ఒకే క్రియ రెండు కాళ్ల మీద నడుస్తోంది. మాండలికంలో ఒకే మూలం మీద మొత్తం వరుస నిలబడి ఉంది. క్రమం అన్నదే కొలబద్ద అయితే ఈ ఒక్క చోట మార్కులు మాండలికానికే ఎక్కువ పడతాయి.

పిల్లాడి రెండో వాక్యం 'నేను గూడ పోయిన' మీద ఎర్ర గీత ఎందుకు పడుతుందో కూడా దీంతో తెలుస్తుంది. ప్రమాణ భాష అలవాటైన కంటికి 'పోయిన' అనేది విశేషణం. దాని తర్వాత ఏదో నామవాచకం రావాలి. రాలేదు కాబట్టి 'వాక్యం అసంపూర్ణం' అనిపిస్తుంది. పిల్లాడి వాక్యం పూర్తిగానే ఉంది. వాక్యం చివర నిలిచిన 'పోయిన' క్రియ, పేరు ముందు వచ్చిన 'పోయిన' విశేషణం. ఈ తేడా వాడి వ్యాకరణంలో ఖచ్చితంగా ఉంది, దిద్దేవాళ్ల వ్యాకరణంలో లేదు.

## మూడు ప్రాంతాలు, ఒకే మూలం

'వచ్చిండు' అనేది 'వచ్చాడు' చెడిపోయిన రూపం అన్న అభిప్రాయం చాలామందిలో ఉంది. రెండింటి నడక చూస్తే అది నిలవదు. రెండింటికీ వెనక ఉన్నది 'వచ్చినాడు'. అది 'వచ్చినవాడు' నుంచి వచ్చిన రూపం. రాయలసీమలో ఇవాళ్టికీ 'వచ్చినాడు' అనే అంటారు. తెలంగాణలో దానిలోని దీర్ఘం కుదించుకుపోయి 'వచ్చిండు' అయింది. కోస్తాలో 'ఇనా' అన్న భాగమంతా కరిగి ఒకే అచ్చు అయింది. ఆ అచ్చు 'ఆ' కూ 'ఏ' కూ మధ్యస్థంగా పలుకుతుంది. దానికి తెలుగు లిపిలో ప్రత్యేకమైన అక్షరం లేక 'వచ్చాడు' అని రాసి సరిపెట్టుకుంటున్నాం, కొందరు 'వచ్చేడు' అని కూడా రాశారు.

కాబట్టి తెలంగాణ రూపం 'న' ను నిలుపుకొని అచ్చును వదిలింది. కోస్తా రూపం అచ్చును ఉంచుకొని 'న' ను వదిలింది. అక్షరాలు మింగేయడమే అజాగ్రత్త అయితే ఇద్దరూ మింగినవాళ్లే.

ప్రసంగంలో ఒక మాట మాత్రం జాగ్రత్తగా తీసుకోవాలి. 'మనదే పాతది, మనదే అసలైన తెలుగు' అని మాస్టారు ఒకచోట అన్నారు. కొన్ని రూపాల విషయంలో అది సరే. ఇండ్లు, పెండ్లి అనేవి ఇళ్లు, పెళ్లి కన్నా పాతవి. 'చేయవలె' నుంచి వచ్చిన 'చేయాలె' తన చివరి అచ్చును నిలుపుకుంది, 'చేయాలి' దాన్ని మార్చుకుంది. అయితే 'వచ్చిండు' పాతది కాదు, అది 'వచ్చాడు' లాగే మార్పు చెందిన రూపం. పైగా పాతదైనంత మాత్రాన ఒక రూపం గొప్పది అయిపోదు. మాండలికానికి వ్యాకరణం ఉందని నిరూపించడానికి ప్రాచీనత అవసరం లేదు. ఆ వాదన పక్కన పెట్టి ఉంటే ప్రసంగం ఇంకా గట్టిగా ఉండేది.

## బద్ధకమా, నియమమా?

మాండలికం మీద ఉన్న పెద్ద ఆరోపణ బద్ధకం. 'దీర్ఘాలు పలకరు, చివర్లు మింగేస్తారు' అంటారు. వస్తాడు అనాల్సిన చోట వస్తడు, ఉన్నారు అనాల్సిన చోట ఉన్నరు, ఇంట్లో అనాల్సిన చోట ఇంట్ల, కూడా అనాల్సిన చోట గూడ. పైకి చూస్తే ఆరోపణ నిజమే అనిపిస్తుంది.

నాలుక బద్ధకమే కారణమైతే దీర్ఘం ఎక్కడున్నా పోవాలి. తాత, మేక, పోయిండు, సూడు, మాట్లాడు వంటి మాటల్లో దీర్ఘాలు చెక్కుచెదరవు. కుదించుకుపోయేవి ప్రత్యయాల్లోని దీర్ఘాలు, మాట చివరి దీర్ఘాలు. మూలధాతువులో ఉన్న దీర్ఘం జోలికి నియమం పోదు.

అంతకన్నా గట్టి సాక్ష్యం ప్రశ్నల్లో ఉంది. 'నువ్వు రేపు వస్తవా?' అన్నప్పుడు 'వస్తావు' లోని దీర్ఘం పోయింది, చివరి 'ఆ' మాత్రం నిలిచింది. 'వాడు వచ్చిండా?', 'బువ్వ తిన్నరా?' అన్నప్పుడూ అంతే. మాట చివరి దీర్ఘాలను కుదించే నోరే ఇక్కడ మాట చిట్టచివర ఉన్న దీర్ఘాన్ని నిండుగా పలుకుతోంది. ఎందుకంటే అది ప్రశ్నను మోస్తున్న అక్షరం, అది పోతే ప్రశ్నే పోతుంది. అర్థానికి అవసరం లేని చోట కుదించి, అవసరమైన చోట ఆగడం బద్ధకం చేసే పని కాదు.

ఇలాంటి ఎంపికే 'గ' విషయంలో కనిపిస్తుంది. ఇట్ల, అట్ల, ఇప్పుడు, అంత, ఆడ అనే మాటలు నొక్కి చెప్పేటప్పుడు, లేదా ఇద్దరికీ తెలిసిన దాన్ని ఎత్తి చూపేటప్పుడు గిట్ల, గట్ల, గిప్పుడు, గంత, గాడ అవుతాయి. 'గా పిల్లగాడు', 'గీ పని' అంటారు. బయటి వాళ్లు అనుకరించేటప్పుడు ప్రతి మాట ముందూ 'గ' తగిలిస్తారు, అక్కడే దొరికిపోతారు. ఎందుకంటే ఈ 'గ' చేరేది దేన్నైనా చూపించే ఆ, ఈ లతో మొదలయ్యే మాటలకే. అమ్మ 'గమ్మ' కాదు, ఇల్లు 'గిల్లు' కాదు. ప్రశ్న అడిగే మాటలకూ చేరదు. ఎట్ల, ఎప్పుడు, ఎవలు అనే అంటారు. సినిమాల్లో వినిపించే కృత్రిమ తెలంగాణ యాస నల్లగొండ వాళ్లకు ఎబ్బెట్టుగా ఉండటానికి ఇదొక కారణం. అక్కడ మాండలికంలోనే వ్యాకరణ దోషాలు ఉంటాయి.

## వినే చెవిలోని తేడా

చాలా సార్లు తప్పు మాట్లాడే నోట్లో ఉండదు. వినేవాళ్లు తమ నియమాలతో ఎదుటివాళ్ల మాటను కొలుస్తారు. 'ఊరికెల్లి వచ్చిన' అనే వాక్యం తీసుకుందాం. తెలంగాణలో '-కెల్లి' అంటే 'నుంచి'. అంటే మాట్లాడే మనిషి ఊరి నుంచి వచ్చాడు. కోస్తా చెవికి అది 'ఊరికి వెళ్లి వచ్చిన' అన్నట్టు వినిపిస్తుంది. అంటే ఊరికి పోయి తిరిగొచ్చాడని అర్థం, పైగా వాక్యం మధ్యలో ఆగిపోయినట్టు అనుమానం. ఇద్దరూ తమ తమ వ్యాకరణాలను సరిగ్గానే వాడారు. అయినా అర్థం తలకిందులైంది.

ఉర్దూ కలిసి తెలంగాణ తెలుగు చెడిపోయిందన్న మాట కూడా ఇలాంటిదే. జర, దవాఖాన, నౌకరి, పరేషాన్ వంటి మాటలు వచ్చిన సంగతి నిజం. అవి వచ్చి తెలుగు విభక్తులనే తొడుక్కున్నాయి. 'దవాఖానల చూపిచ్చుకున్నం' అనే వాక్యంలో ఉర్దూ నుంచి వచ్చింది ఒక్క పేరే, మిగతా కట్టడమంతా తెలుగు. 'హాస్పిటల్లో చూపించుకున్నాం' అనేవాళ్లు చేస్తున్నదీ అదే పని.

ఈ చిక్కు తెలుగుకే ప్రత్యేకం కాదు. అమెరికాలో నల్లజాతి వాళ్ల ఇంగ్లిష్‌ను చాలాకాలం చదువురాని ఇంగ్లిష్ అనేవాళ్లు. 1960లలో విలియం లబోవ్ అనే భాషాశాస్త్రవేత్త న్యూయార్క్‌లోని హార్లెమ్ ప్రాంతపు కుర్రాళ్ల మాటలను రికార్డు చేసి పరిశీలించాడు. వాళ్లు 'హీ ఈజ్ నైస్' బదులు 'హీ నైస్' అంటారు. 'ఈజ్' ను ఎక్కడపడితే అక్కడ వదిలేయరు. ప్రమాణ ఇంగ్లిష్‌లో 'హీ ఈజ్' ను 'హీజ్' అని కుదించగలిగిన చోట మాత్రమే వాళ్లు దాన్ని పూర్తిగా వదలగలరు. వాక్యం చివర 'దట్స్ వాట్ హీ ఈజ్' అన్నప్పుడు ప్రమాణ భాషలో కుదింపు కుదరదు, వాళ్ల భాషలో వదలడమూ కుదరదు. 'వస్తవా' లోని దీర్ఘం నిలిచిన తీరుకు, ఈ 'ఈజ్' నిలిచిన తీరుకు పోలిక కనిపిస్తుంది.

## ఒక మాండలికం ప్రమాణం ఎలా అయింది?

అన్నింటికీ వ్యాకరణం ఉంటే ఒకటే ప్రమాణంగా ఎందుకు నిలిచింది? దీనికి జవాబు ముద్రణ, బడి, పాలన ఎక్కడ ఏ భాషలో సాగాయన్న దాంట్లో ఉంది.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో బడి తెలుగు మీద పెద్ద వాదం నడిచింది. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలిచింది. గిడుగు రామమూర్తి (1863–1940) శిష్ట వ్యావహారికం కోసం పోరాడారు. అప్పట్లో పండితులు 'గ్రామ్యం' అని తోసిపుచ్చిన రూపాల్లో ఇవాళ మనం ప్రమాణం అంటున్న 'వచ్చాడు', 'చేశాడు' వంటివి ఉన్నాయి. నూరేళ్ల కింద ఎర్ర గీత వాటి మీద కూడా పడింది.

ఆ వాదంలో వ్యావహారికం గెలిచింది. గెలిచిన వ్యావహారికం మాత్రం కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల చదువుకున్న వాళ్లది. పత్రికలు, అచ్చుకూటాలు, బడులు అక్కడ ఎక్కువగా ఉండటం దీనికి కారణం. అదే కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు హైదరాబాద్ సంస్థానంలో ఉన్నాయి. అక్కడ కచేరీ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే. అంటే తెలుగు అచ్చు భాష ఒక రూపానికి వస్తున్న ఆ కీలక దశాబ్దాల్లో ఇక్కడి పలుకుబడికి అందులో చోటు దొరకలేదు. 1956లో రెండు ప్రాంతాలు కలిసేనాటికి ప్రమాణం ఖాయమైపోయింది. 'వచ్చిండు' లో ఏదో లోపం ఉండి ఓడిపోలేదు, పోటీయే జరగలేదు.

భాషాశాస్త్రవేత్తలు మాత్రం ఈ తేడాలను ముందునుంచీ సమాన దృష్టితోనే చూశారు. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో జరిగిన మాండలిక వృత్తి పదాల సేకరణలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో వచ్చింది. తెలుగు నేలను నాలుగు మాండలిక ప్రాంతాలుగా చూసిన అధ్యయనం అది. అందులో తెలంగాణ ఒక ప్రాంతం, తీరాంధ్ర మధ్య భాగం మరొకటి. ఒకటి అసలు, మిగతావి దాని చెడు రూపాలు అన్న మాట అక్కడ లేదు.

## పరీక్ష పేపర్ సంగతి

ఇక తల్లిదండ్రుల ప్రశ్న. మాండలికానికి వ్యాకరణం ఉందని ఒప్పుకుంటే పరీక్షలో దానికి మార్కులు వేయాలా?

మొదటిది ఒప్పుకున్నంత మాత్రాన రెండోది దానంతటదే రాదు. ప్రమాణ భాష అనేది ఒక ఒప్పందం. ఆదిలాబాద్ పిల్లాడు రాసింది అలంపూర్‌లో చదవగలగాలి, అందుకు ఒక ఉమ్మడి రూపం కావాలి. ఆ రూపాన్ని నేర్పడం బడి పని, దాన్ని పరీక్షించడమూ సహజమే. మాస్టారు కూడా ప్రమాణ భాష వద్దు అనలేదు. ఆయన అభ్యంతరం దిద్దే పద్ధతి మీద.

'వచ్చిండు తప్పు, వచ్చాడు రైట్' అని చెబితే పిల్లాడు ఒక్కో మాటనూ విడిగా బట్టీ పట్టాలి. పైగా 'వచ్చింది' రైట్ అయి 'వచ్చిండు' ఎందుకు తప్పైందో వాడికి అంతు చిక్కదు. బదులుగా 'మనం ఇంట్లో వచ్చిండు అంటం, పుస్తకంలో వచ్చాడు అని రాస్తరు' అని పక్కపక్కన పెట్టి చూపిస్తే ఒక్క పోలికతో చెప్పిండు, ఇచ్చిండు, చూసిండు, పోయిండు అన్నీ దారికి వస్తాయి. ఉన్నడు, తిన్నడు, పడ్డడు వంటి వాటికి దీర్ఘం ఇస్తే సరిపోతుందని మరో పోలిక చాలు. 'నేను పోయిన' కు మాత్రం విడిగా సమయం ఇవ్వాలి, అక్కడ ప్రత్యయమే కొత్తగా నేర్చుకోవాలి. ఇలా వేరు చేస్తే 'బయం' కు అక్షర దోషంగా, 'మేకలు తిన్నది' కి వాక్య దోషంగా దిద్దుబాటు విడిగా పడుతుంది.

దీనికి ఉపాధ్యాయుడికి ఆ ఊరి మాట తెలిసి ఉండాలి. బయటి జిల్లా నుంచి వచ్చిన వాళ్లకు ఏది మాండలికమో, ఏది జారిన మాటో వెంటనే తెలియదు. ఒక మార్గం ఉంది. అదే రూపం తరగతిలో చాలామంది నోట్‌బుక్కుల్లో, ఒకే చోట, ఒకే తీరుగా కనిపిస్తే అది మాండలికం. ఒక్క పిల్లాడి దగ్గర, ఒకసారి ఒకలా ఇంకోసారి ఇంకోలా కనిపిస్తే తప్పు. అనుమానం తీరకపోతే ఆ వాక్యాన్ని పైకి చదివి వినిపించాలి. మాండలికమైతే తరగతి మామూలుగా వింటుంది. తప్పైతే ఎవరో ఒకరు నవ్వుతారు.

## తెలంగాణ ప్రమాణం పెట్టుకుంటే?

రాష్ట్రం 2014లో ఏర్పడిన తర్వాత తెలంగాణ పలుకుబడినే ప్రమాణంగా రాయాలన్న వాదన కూడా ఉంది. ప్రసంగం తర్వాత కొందరు దాన్నే ఎత్తుకున్నారు. అక్కడ చిక్కు వేరే రకంగా ఉంటుంది.

దక్షిణ తెలంగాణలోనే మాట ఒకే తీరుగా లేదు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు కృష్ణా అవతలి పలుకు కలుస్తుంది. గద్వాల, అలంపూర్ వైపు పోయేకొద్దీ కర్నూలు మాట వినిపిస్తుంది, నారాయణపేట వైపు కన్నడం పక్కనే ఉంది. జరుగుతున్న పనిని చెప్పేటప్పుడు ఒక ఊళ్లో 'చేస్తున్నడు' అంటే ఇంకో ఊళ్లో 'చేస్తుండు' అంటారు, ఒకే ఇంట్లో రెండూ వినిపించేదీ ఉంది. 'వచ్చిన్రు' అని రాయాలా, 'వచ్చిండ్రు' అని రాయాలా అన్నది కూడా ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చిన రోజున రెండో రూపం పలికే పిల్లల నోట్‌బుక్ మీద ఎర్ర గీత పడుతుంది, ఈసారి దాన్ని గీసేది తెలంగాణ ప్రమాణం.